బిళ్ల కరగకపోతే ముక్క తీయాలి

మెడ పక్కన బిళ్ల కట్టి, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడి, మనిషి చిక్కిపోతుంటే మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ముందుగా వినిపించే మాట టీబీ. ఆ అనుమానం తప్పు కాదు. మన దగ్గర మెడ బిళ్లలకు క్షయ పెద్ద కారణమే. కానీ అచ్చం ఇవే లక్షణాలతో వచ్చే మరో జబ్బు ఉంది. అది హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్. పూర్తిగా నయమయ్యే క్యాన్సర్లలో ముందు వరసలో ఉండే జబ్బు ఇది. అలాంటిదాన్ని టీబీగా పొరబడి నెలలు పోగొట్టుకోవడం మాకు బాధ కలిగిస్తోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొండపి వైపు పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసే 22 ఏళ్ల కుర్రాడు. ఎడమ భుజం ఎముక పైన, మెడ మొదట్లో రెండున్నర సెంటీమీటర్ల బిళ్ల కట్టింది. నొక్కితే రబ్బరులా ఉంటుంది, నొప్పి లేదు. రాత్రుళ్లు చొక్కా మార్చుకోవాల్సినంత చెమట పడుతోంది. బ్యారన్ వేడికే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. నాలుగు నెలల్లో 66 కిలోల మనిషి 58కి వచ్చాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ ముందు యాంటీబయాటిక్, తర్వాత స్టిరాయిడ్ మాత్రలు ఇచ్చాడు. స్టిరాయిడ్‌కు బిళ్ల తగ్గింది, మానగానే మళ్లీ వచ్చింది. సూది పరీక్షలో 'గ్రాన్యులోమా ఉంది, క్షయ కావచ్చు' అని రిపోర్టు. గ్రాన్యులోమా అంటే రోగనిరోధక కణాలు గుమిగూడి కట్టిన చిన్న ముద్ద. టీబీ మందులు మొదలుపెట్టారు. రెండు నెలలకు మొదటి బిళ్ల అలాగే ఉంది, పక్కన ఇంకోటి కట్టింది, ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మధ్య భాగం వెడల్పుగా కనిపించింది.

ఇందులో ఎవరూ కావాలని తప్పు చేయలేదు. తప్పుదారి పట్టించింది హాడ్జ్‌కిన్ జబ్బు స్వభావం. హాడ్జ్‌కిన్ సోకిన బిళ్లను కోసి చూస్తే, అందులో అసలు క్యాన్సర్ కణాలు సాధారణంగా నూటికి ఒకటో, మహా అయితే కొన్నో ఉంటాయి. మిగతావన్నీ మామూలు తెల్ల రక్తకణాలే. క్యాన్సర్ కణం వదిలే రసాయనాలకు ఆకర్షితమై వచ్చి చేరిన గుంపు అది. సన్నని సూదితో లాగినప్పుడు ఆ గుంపు మాత్రమే రావచ్చు, అసలు కణం రాకపోవచ్చు. పైగా ఈ జబ్బులోనూ కొందరికి గ్రాన్యులోమాలు కడతాయి. కాబట్టి గ్రాన్యులోమా కనబడినంత మాత్రాన టీబీ ఖాయమైనట్టు కాదు.

ఆ అసలు కణం పేరు రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం. పక్కనున్న లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల కంటే ఎన్నో రెట్లు పెద్దది. దానికి తరచుగా రెండు కేంద్రకాలు ఉంటాయి, లేదా ఒకే కేంద్రకం రెండు తమ్మెలుగా విడివడి ఉంటుంది. ఒక్కోదాని నడుమ ఎర్రటి పెద్ద చుక్క. మైక్రోస్కోప్‌లో రెండు గుడ్లగూబ కళ్లు మనకేసి చూస్తున్నట్టుంటుంది. లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ 1832లో ఈ జబ్బును వర్ణించాడు. ఈ కణాన్ని 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బర్గ్ వివరంగా వర్ణించి, ఇది క్షయలోనే ఒక రకం అనుకున్నాడు. 1902లో అమెరికాలో డొరోతీ రీడ్ అనే యువ వైద్యురాలు అదే కణాన్ని బొమ్మలు గీసి చూపించి, క్షయ వేరు, ఇది వేరు అని తేల్చింది. ఆమె తేల్చిన విషయంలోనే మన ఊళ్లలో ఇప్పటికీ పొరపాటు జరుగుతోంది.

ఈ కణం పుట్టుకను శాస్త్రవేత్తలు 1990లలో తేల్చారు. యాంటీబాడీలు తయారుచేయాల్సిన బి-లింఫోసైట్ దారి తప్పితే ఇది పుడుతుంది. తన పని తాను చేయలేని బి-కణం మామూలుగా తనంతట తానే చనిపోవాలి. ఇది చావదు. కొందరిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దాన్ని బతికిస్తుంది. పైగా చుట్టూ పోగైన కణాల నుంచి బతకడానికి కావలసిన సంకేతాలు అందుకుంటుంది, తనను చంపడానికి వచ్చే టి-కణాలను ఆపే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను ఒంటిమీద పరుచుకుంటుంది.

ఇంత మొండి కణం ఉన్న జబ్బు ఎందుకు నయమవుతుంది? మొదటి కారణం, ఇది చాలావరకు వరస తప్పకుండా పాకుతుంది. మెడ నుంచి ఛాతీకి, అక్కడి నుంచి పొట్టలోకి, పక్కపక్క బిళ్లల మీదుగా నడుస్తుంది. ఎంతవరకు వచ్చిందో స్కాన్‌లో తేల్చి, ఆ మేరకు మందు, కరెంటు అని మనం పిలిచే రేడియేషన్ ఇవ్వొచ్చు. రెండోది, ఈ కణం కీమోకూ రేడియేషన్‌కూ త్వరగా లొంగుతుంది. 1960లలో అమెరికాలో విన్సెంట్ డెవిటా బృందం నాలుగు మందులు కలిపి ఇచ్చి, ముదిరిన జబ్బు కూడా నయమవుతుందని చూపింది. 1970లలో ఇటలీలో జియాన్ని బొనడొన్నా తెచ్చిన ఏబీవీడీ అనే మరో నాలుగు మందుల కలయిక నేటికీ వాడుకలో ఉంది. రెండు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. వాటిలో ఒకటి ఎర్రగా ఉంటుంది, మరొకటి వెలుతురు తగలకుండా కవర్ కప్పి పెడతారు. రెండు డోసులు కలిస్తే ఒక సైకిల్. తొలి దశలో రెండు నుంచి నాలుగు సైకిళ్లు, తరచుగా కరెంటు కూడా, ముదిరితే ఆరు. రెండు సైకిళ్ల తర్వాత పెట్ స్కాన్ చూసి మందు తగ్గించాలా, పెంచాలా అని నిర్ణయిస్తారు. తొలి దశలో నూటికి 90 మందికి పైగా, ముదిరిన దశలోనూ నాలుగింట మూడొంతుల మందికి పైగా నయమవుతారు. తిరగబెట్టినవారికి, ఆ కణం మీదుండే సీడీ30 అనే గుర్తును పట్టుకుని దాడిచేసే బ్రెంటుక్సిమాబ్ వంటి మందులు వచ్చాయి. అవి బాగా ఖరీదైనవి.

అయితే మొదటి రెండు మూడు డోసులకే బిళ్ల కరిగిపోతుంది. తగ్గిపోయిందని పొలం పనుల్లో పడి ఆస్పత్రి మానేసేవాళ్లు అక్కడే దెబ్బతింటారు. మందుల్లో బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. పొడి దగ్గు, ఆయాసం వస్తే బ్యారన్ పొగ వల్లనేమో అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు వెంటనే చెప్పాలి.

మెడ బిళ్ల నాలుగు నుంచి ఆరు వారాలకు తగ్గకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, భుజం ఎముక పైన ఎంత చిన్నది కట్టినా సూదితో సరిపెట్టకూడదని మేము కోరుతున్నాం. బిళ్ల మొత్తం తీసి పరీక్షించాలి. అంతకుముందు స్టిరాయిడ్ వద్దు. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందన్న భయం ఊళ్లలో బలంగా ఉంది. దానికి ఆధారం లేదు. తీసిన బిళ్లను రెండు సీసాల్లో పంపాలి. ఫార్మలిన్‌లో వేసినది మైక్రోస్కోప్‌కు, ఉత్త సెలైన్‌లో వేసినది టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు. అంతా ఫార్మలిన్‌లో వేస్తే టీబీ పరీక్ష పాడవుతుంది, అంతా సెలైన్‌లో వేస్తే కణాలు చెడతాయి. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండే అవకాశం కూడా ఉంది.

టీబీ క్రిమి రుజువు కాకుండా మెడ బిళ్లకు మందులు మొదలుపెట్టిన ప్రతి రోగినీ రెండో నెలలో మళ్లీ చూడాలి. సరైన మందు వాడుతున్నా టీబీ బిళ్లలు కొన్నాళ్లు పెరగొచ్చు నిజమే. అది టీబీ పెరుగుదలో, ఇంకేదోనో బయాప్సీ చెబుతుంది. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సర్జన్లు, పాథాలజీ విభాగాలు ఉన్నాయి. బయాప్సీ రిపోర్టుకు రెండు వారాల గడువు పెట్టాలి. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాన్ని గుర్తుపట్టే సీడీ30, సీడీ15 స్టెయిన్లు ఇక్కడ చేయలేకపోతే, బిళ్ల ముక్కను పొదిగిన మైనపు బ్లాకును ఆస్పత్రే ప్రభుత్వ ఖర్చుతో బయటి ల్యాబుకు పంపాలి. ఆ బ్లాకు చేతబట్టుకుని చెన్నైకో, తిరుపతికో బస్సెక్కే పని జ్వరంతో ఉన్న రోగికి పెట్టకూడదు.