రెండే రెండు ముక్కలు

"రెండే రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను" అంటూ షష్టిపూర్తి పెళ్లికొడుకు మైకు అందుకోగానే హాలు వెనకాల వంటమేస్త్రీ సాంబారు కింద మంట తగ్గించేస్తాడు. వందల ఫంక్షన్లు చూసినవాడు. ఆ రెండు ముక్కల పొడవెంతో ఆయనకి తెలుసు.

ఈ ఏడాది అరవై నిండేవాళ్లకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. 1966 ఉగాదికి మొదలైంది పరాభవ నామ సంవత్సరం. అరవై ఏళ్ల చక్రం తిరిగి 2026 ఉగాదికి మళ్లీ అదే వచ్చింది. ఈ సంగతి సభకి చెప్పి తీరాలని ప్రతి పెళ్లికొడుకుకీ అనిపిస్తుంది. చెప్పొచ్చు, ఒక్క వాక్యంలో. "పరాభవలో పుట్టాను, మళ్లీ పరాభవలోనే మైకు పట్టుకున్నాను, మీరే కాచుకోవాలి" అంటే జనం నవ్వుతారు. అక్కడ ఆగకుండా ప్రభవ దగ్గర్నుంచి లెక్కపెట్టడం మొదలెడితే మాత్రం చివరి వరసలో పిల్లల్ని చేతులు కడిగించడానికి తీసుకుపోతారు. చేతులు కడుక్కోవడానికి వెళ్లిన జనం మళ్లీ కుర్చీల్లోకి రారు.

మన పెద్దాయన తెలివైనవాడే. ముందురోజు రాత్రే కాయితం మీద రాసుకున్నాడు. రాసుకున్నది ఇది:

"అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, ఇంత దూరం వచ్చారు. చాలా సంతోషం. ఈ ఫంక్షన్ వద్దని నెల రోజులు మొండికేశాను. పిల్లలు వినలేదు. వినకపోవడమే మంచిదైంది, లేకపోతే మిమ్మల్నందరినీ ఒక్కచోట చూసేవాణ్ని కాదు. 34 ఏళ్లుగా నా కళ్లజోడు వెతికిపెడుతున్న మా ఆవిడకి ఏం చెప్పినా తక్కువే. ఇవాళ కూడా అది వెతికింది ఆవిడే. మా అమ్మానాన్నా లేని లోటు, ముందు వరసలో కూర్చున్న మా పెద్దత్తయ్య అక్షింతలేసి తీర్చింది. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, తొందరపడకుండా తినండి. నమస్కారం."

నింపాదిగా చదివినా నిమిషం పట్టదు. నవ్వులకీ, పెద్దత్తయ్య కళ్లొత్తుకోవడానికీ మరో అర నిమిషం వేసుకోండి. ఇందులో ఒక్కరి పేరు కూడా లేదని గమనించారా? పేరు పలికే పని ఆ కళ్లజోడే చేస్తోంది. "నా విజయం వెనక నా భార్య ఉంది" అంటే ఆవిడ చీర కొంగు సర్దుకుని ఊరుకుంటుంది. కళ్లజోడు అనేసరికి హాల్లో ఉన్న ఆడవాళ్లంతా పక్కనున్న మొగుడి వంక చూస్తారు.

ఇంత చక్కని కాయితం జేబులో ఉండగా ఏం చెడింది? ముందు చెడింది వరస. మైకు ఇచ్చింది కేకు కోశాక. కొవ్వొత్తులు ఇంకా వెలుగుతూండగా స్నో స్ప్రే కొట్టబోయిన మనవణ్ని ఎవరో చెయ్యి పట్టి ఆపారు, అది మంచి పనే. ఆ నురగ డబ్బాల్లో మండే గ్యాసు ఉంటుంది, మంట దగ్గర కొడితే భగ్గుమనొచ్చు. కొవ్వొత్తి ఆరీ ఆరగానే ఆ బాకీ అంతా తాతగారి మొహం మీద తీరింది. మిగిలింది మేనల్లుడు క్రీముతో పూర్తిచేశాడు. కళ్లద్దాలు తీసి పట్టుపంచెతో తుడిచాడు పెద్దాయన. క్రీములో ఉన్నది కొవ్వు, పొడిగుడ్డతో రుద్దితే పోదు, అద్దమంతా పరుచుకుంటుంది. దాంతో కాయితం మీద అక్షరాలు కాశీమజిలీ చేస్తున్నట్టు కనిపించాయి. రెండు మాటలు చెప్పడం కేకు కోయకముందే పెట్టుకుంటే ఈ గొడవ లేదు. మొహం శుభ్రంగా ఉంటుంది, కేకు కోసం ఎదురుచూసే పిల్లలు ఉపన్యాసాన్ని సాగనివ్వరు కూడా.

కాయితం పోయాక నోటికొచ్చింది మాట్లాడాలి. మైకు పట్టుకుని మొదట ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. మైకు ఊదడానికి పొయ్యి కాదు. గాలీ తడీ లోపలికి కొట్టడం తప్ప లాభం లేదు, "నమస్కారం" అంటేనే పలుకుతోందో లేదో తెలిసిపోతుంది. తరవాత ఆప్యాయత పొంగి స్టేజీ దిగి, సౌండు బాక్సుల ముందుకొచ్చి నిలబడ్డాడు. కుయ్యిమంది. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే దూరి, పెరిగి, మళ్లీ బాక్సులోంచి రావడమే ఆ కూత. బాక్సులకి వెనక్కి జరిగితే పోతుంది. ఆయన జరగలేదు. కంగారులో మైకు తలకాయని గుప్పిట్లో మూశాడు. చూడ్డానికి నోరు మూసినట్టే ఉంటుంది గానీ ఫలితం తలకిందులు. ఆ జల్లెడ చుట్టూ మూస్తే అన్ని వైపుల శబ్దాన్నీ లాగేసుకుంటుంది, కూత ఇంకా పెరుగుతుంది. పెద్దత్తయ్య చెవులు మూసుకుంది. సౌండ్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఆయన చేతిని కిందికి, పిడి దగ్గరికి జరిపి, మైకుని గడ్డానికి నాలుగు వేళ్ల దూరంలో నిలబెట్టి పోయాడు.

ఈలోగా చెప్పాల్సింది పూర్తిగా మర్చిపోయాడు. మర్చిపోయిన మనిషికి దొరికే మొదటి ఆసరా పేర్లు. ఎదురుగా కనపడ్డవాళ్ల పేర్లు చదవడం మొదలెట్టాడు. పులిహోర కలిపిన చిన్నవదిన, పూలదండలు తెచ్చిన తోడల్లుడు, బస్సు మాట్లాడిన పక్కింటాయన. మూడు పేర్ల దాకా అది కృతజ్ఞత. నాలుగో పేరు దగ్గర్నుంచి అది హాజరుపట్టీ, హాజరుపట్టీలో లేనివాడు గైర్హాజరు కిందే లెక్క. చిన్నవదినని అన్నాక బూరెలు వండిన పెద్దవదినని అనాలి. ఆవిణ్ని అన్నాక, బూరెల్లోకి నెయ్యి ఊరినుంచి మోసుకొచ్చిన మరిది ఊరుకుంటాడా? పన్నెండో పేరు దగ్గర ఆయనకే అనుమానమొచ్చి, "ఎవరి పేరైనా మర్చిపోతే అన్యథా భావించవద్దు" అన్నాడు. ఆ మాట వినేదాకా ఎవరూ అన్యథా భావించలేదు. అన్నాకే అందరూ లెక్కలు చూసుకున్నారు.

ఇక "ముగించే ముందు" అన్న మాట మూడుసార్లు వచ్చింది. మొదటిసారి జనం చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు, రెండోసారి దించారు, మూడోసారికి ఆ చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. ముగింపు వాక్యం ఒక్కటే ఉండాలి, అందులో భోజనం అన్న మాట ఉండి తీరాలి. ఆ మాట పడితే ఎంతటి వక్తకైనా తిరిగి మొదలెట్టే దారి ఉండదు, ఎందుకంటే ఎదురుగా మనుషులుండరు.

చివరికి మనవడే చెవిలో ఊదాడు, "తాతయ్యా, భోజనాలు" అని. ఆయన అదే మాట మైకులో అన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి, హాలు లేచింది. 90 సెకన్ల పనికి 14 నిమిషాలు పట్టినా, అక్కడితో పోయిందనుకున్నారంతా.

కార్డ్‌లెస్ మైకు పిడికి బొటనవేలు ఆనేచోట చిన్న మీట ఉంటుంది. మాట అయిపోగానే దాంతో మైకు ఆపేసి సౌండ్ కుర్రాడి చేతికి ఇవ్వాలి. పెద్దాయన మైకుని చంకలో పెట్టుకుని, ఆవిడ చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"ఏమేవ్, మీ పెద్దన్నయ్య పేరు చెప్పానా? చెప్పకపోయినా పర్లేదులే, తిండి పెడితే ఆయనకేం గుర్తుండదు."

నాలుగు బాక్సుల్లోంచీ ఖంగుమని వినిపించింది. ఈసారి కూత కూడా పెట్టలేదు. మొదటి పంక్తిలో, ఆకు కడుగుతూ, పెద్దబావగారు తలెత్తి చూశారు.