అధ్యక్షుల వారి ఎడమ బుగ్గ

కావలిలో స్టూడియో నడుపుకునే నన్ను నెల్లూరు కెమెరా క్లబ్బు వాళ్ళు మాట్లాడమన్నారు. బొమ్మలు గీసే ఏఐకి ప్రాంప్టులు రాస్తుంటే వెలుతురును చూడటం ఎట్టా అలవడుతుందో చెప్పాలి. ప్రొజెక్టర్ పెట్టాం, మైకు అందుకున్నా, కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉందన్నారు. ఉంది, వేదిక మీది ఫ్యాన్లకు.

ప్రొజెక్టర్‌లో చూపించాల్సింది నోటితో చెప్పా. మొదట్లో నేను "అరవై ఏళ్ల రైతు, అందమైన వెలుతురు" అని రాసేవాణ్ణి. ప్రతిసారీ వెనక నారింజ రంగు సాయంత్రం, జుట్టు చుట్టూ బంగారు గీత. మన పెళ్ళి ఆల్బమ్ చివరి పేజీ లాగా. అందమైన అన్న మాటలో వెలుతురు ఎటు నుంచి వస్తోందో లేదు, ఎంత పెద్దదో లేదు. చెప్పనివన్నీ అది తనకు అలవాటైన పద్ధతిలో నింపేస్తుంది.

అందుకని ఇట్టా మార్చా: "కెమెరాకు ఎడమ పక్క పెద్ద కిటికీ, మనిషికి మూడడుగుల దూరం, నేరుగా ఎండ పడదు." దగ్గరున్న పెద్ద కిటికీ ముఖాన్ని చుట్టుకుంటుంది, ముక్కు నీడ అంచు మెత్తగా కరిగిపోతుంది. అదే మనిషిని పదిహేనడుగులు వెనక్కి జరిపితే కిటికీ అతనికి చిన్నదైపోయి నీడకు గీత వస్తుంది. ఎండ పడని కిటికీ అంటే పుస్తకాలు ఉత్తరం కిటికీ అంటాయి. అవి చలిదేశాల పుస్తకాలు. మన నెల్లూరులో ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికే ఒరుగుతాడు, ఆ కిటికీలోనూ ఎండ చొరబడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కుడిపక్క ఏముందో రాయడం దగ్గరే చెయ్యి ఆగేది. అక్కడ తెల్లగోడ ఉంటే నీడ సగం విచ్చుకుంటుంది, నల్లగుడ్డ కడితే చిక్కబడుతుంది. ఇరవై ఏళ్ళు ఫొటోలు తీసినా, లైటు ఎక్కడ పెట్టాలో చూశా గానీ దాని ఎదురుపక్కను ఇంతగా పట్టించుకోలేదు.

"ఇప్పుడే చూపించండి సార్, కిటికీ ఉందిగా" అన్నారెవరో. అధ్యక్షుల వారు ఎవరూ పిలవకుండానే లేచి కుర్చీ లాక్కున్నారు. ఎదురుపక్కకు తెల్లది కావాలి. ఉన్నది ఒకటే, వేదిక వెనకాల ఫ్లెక్సీ. ముందువైపు పసుపు నేపథ్యం మీద నాలుగడుగుల అధ్యక్షుల వారు, వెనక్కి తిప్పితే శుభ్రమైన తెలుపు. ఇద్దరు కుర్రాళ్ళు విప్పి పట్టుకున్నారు. "తెలుపు ఇటు రావాలబ్బాయ్" అన్నా. క్లబ్బు కార్యదర్శికి అది నచ్చలా. "సార్ ముఖం గోడకు తిప్పుతామా? ఏంది సామీ మీరు!" అని ఆయనే దగ్గరుండి బొమ్మవైపును అధ్యక్షుల వారికి తిప్పించారు. సార్‌ని సార్ చూస్తున్నారు, ఇద్దరూ నవ్వుతున్నారు. కిటికీ వెలుతురు ఫ్లెక్సీ మీద పడి, పసుపు మోసుకొచ్చి ఆయన ఎడమ బుగ్గ మీద దించింది.

క్లబ్బంతా ఒకేసారి క్లిక్కుమంది. ముందువరసలో ఆయుర్వేద డాక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని, "కళ్ళు కూడా పచ్చగా ఉన్నాయా?" అని సీరియస్‌గా అడిగారు. అధ్యక్షుల వారు కెమెరా తెర చూసుకుని, "వైట్ బ్యాలెన్స్ మార్చుకోరాదంటయ్యా?" అన్నారు. మార్చా. పసుపు తగ్గింది, ఆ తగ్గింపు ముఖమంతటికీ వర్తించి కిటికీ వైపు బుగ్గ నీలంగా మారింది. రెండు రంగుల వెలుతురు ఒకే ముఖం మీద పడితే వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకదాన్నే సరిచేయగలదు, ఫ్లెక్సీ తిప్పితే రెండూ సర్దుకుంటాయని చెప్పబోయా. "ఫ్లెక్సీ మాట వదిలెయ్" అన్నారు కార్యదర్శి.

"మరి ఇంత చెప్పావే, కుడిపక్క ఏముందో నీ ప్రాంప్టులో రాయలేదా?" అన్నారు అధ్యక్షుల వారు. రాశాను సార్, తెల్లగోడ అని. ఫ్లెక్సీ కార్యదర్శి గారు రాశారు.

అప్పుడు కరెంటు వచ్చింది. నెత్తిన ట్యూబులైట్లన్నీ వెలిగి ముఖం మీద మూడో రంగు దిగింది. కార్యదర్శి మైకు లాక్కుని వందన సమర్పణ మొదలుపెట్టారు, నా చేతిలో మలైకాజా డబ్బా పెట్టారు. బయటికొచ్చే లోపే ఫొటో వాట్సాప్ గ్రూపులో ఉంది.

రాత్రి అధ్యక్షుల వారు ఫోన్ చేశారు. "ఎడమ బుగ్గ ఒక్కటీ సరిచేసి పంపు, ఫ్రేము కట్టించాలి." వెనక ఫ్లెక్సీ కూడా కనబడాలట. ఇప్పుడు బుగ్గ చుట్టూ మాస్కు గీస్తున్నా. మీసం దగ్గర అంచు కుదరడం లేదు.