ఊటీకి మే నెలలో కాదు, జూన్ మొదటి వారంలో వెళ్లండి

వేసవి సెలవులనగానే మనవాళ్లు మే నెల మీదే పడతారు. తెలుగు రాష్ట్రాల్లో బడులు ఏప్రిల్ 23, 24 ప్రాంతంలో మూసి జూన్ 12న తెరుస్తారు కాబట్టి మధ్యలో ఎప్పుడైనా ఒకటే అనుకుంటారు. కానీ ఊటీలో రద్దీ మన సెలవుల్ని బట్టి ఉండదు, తమిళనాడు, కర్ణాటక, కేరళ పిల్లల సెలవుల్ని బట్టి ఉంటుంది. 2025నే చూడండి, కర్ణాటకలో మే 29న, తమిళనాడు, కేరళల్లో జూన్ 2న బడులు తెరిచారు, మనకు మాత్రం ఇంకో పది రోజులు మిగిలాయి. ఆ పది రోజులే మనకు దొరికే అసలైన లాభం.

ఏప్రిల్ చివరి వారం కూడా అంతే ఖాళీగా ఉంటుందనుకుంటే పొరపాటే. అప్పటికే కర్ణాటక, కేరళ పిల్లలు సెలవుల్లో ఉంటారు, వెంటనే మే 1 వస్తుంది. పైగా 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊటీకి రోజుకు మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలకే ఈ-పాస్ అని మద్రాసు హైకోర్టు పరిమితి పెట్టింది. సొంత కారులో వెళ్లేవాళ్లకు మే వారాంతంలో అసలు టెన్షన్ గది గురించి కాదు, ఈ పాస్ గురించే.

రైలు ఛార్జీ మేలో అయినా జూన్‌లో అయినా ఒకటే, తేడా బెర్త్ దొరకడంలోనూ గది అద్దెలోనూ ఉంటుంది. జూన్ 3న శబరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్‌లో ఎక్కి మర్నాడు కోయంబత్తూరులో దిగి, మూడు రాత్రులు ఊటీలో ఉండి 7న తిరుగు ప్రయాణం అనుకుందాం. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి వెళ్లే టికెట్ ఏప్రిల్ 4న, వచ్చేది ఏప్రిల్ 8న ఉదయం 8 గంటలకు చేసుకోవాలి, అదేమో పిల్లల పరీక్షల సీజన్, అందుకే చాలామందికి గుర్తుండదు. ముఖ్యంగా తిరుగు టికెట్ వదలొద్దు, జూన్ 8 నుంచి 11 దాకా ఊళ్లకెళ్లినవాళ్లంతా ఒకేసారి వెనక్కి వస్తుంటారు. గది మేలో రాత్రికి 5,000, జూన్‌లో 3,500 అనుకున్నా మూడు రాత్రులకు 4,500 మిగులుతుంది, ఆ డబ్బుతో కోయంబత్తూరు నుంచి పైకి టాక్సీ మాట్లాడుకోవచ్చు.

వాన సంగతి మాత్రం దాచను. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1కి కేరళ తాకుతాయి. వాన ఎక్కువగా పడేది నీలగిరికి పడమటి వైపున్న అవలాంచి, గూడలూరు పక్క, ఊటీ ఊళ్లో ఆ స్థాయిలో ఉండదు. కానీ దొడ్డబెట్ట మంచులో మునిగిపోయి ఏమీ కనబడకపోవచ్చు, గట్టి వానలకు కొండచరియలు విరిగిపడితే మేట్టుపాళయం–కూనూరు మధ్య బొమ్మ రైలును ఆపేస్తారు. పిల్లలకు ఆ రైలే ముఖ్యమైతే, ఆగిపోని రోజు కోసం ఒక రోజు అదనంగా పెట్టుకోండి, గదిని ఉచితంగా రద్దు చేసుకునే షరతు మీదే తీసుకోండి.

ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ లెక్క కుదరదు, జూనియర్ కాలేజీలు జూన్ మొదట్లోనే తెరుస్తారు. సీబీఎస్ఈ బడులకూ తేదీలు వేరుగా ఉంటాయి కాబట్టి టికెట్ కొట్టేముందు బడి క్యాలెండర్ చూసుకోవాల్సిందే.