మే నెల నీటి గీత చెరువు హద్దు కాదు

గంజాం జిల్లాలోని మన పట్టణ చెరువు మీద మున్సిపాలిటీ తయారు చేయించిన నివేదిక ఇక కౌన్సిల్ ముందుకు రాబోతోంది. నివేదిక లావుగానే ఉంది. దాని ముందు రెండు పేజీల ఎగ్జిక్యూటివ్ సమ్మరీ అతికించారు. కౌన్సిలర్లయినా, ఇంజినీర్లయినా, జిల్లా అధికారులయినా తీరిక చేసుకుని చదివేది ఆ రెండు పేజీలే. మేము అవీ చదివాం, వెనకున్న పేజీలూ చదివాం. వెనక పేజీల్లో ఉన్న చెరువు ఒకటి, ముందు పేజీల్లో ఉన్న చెరువు మరొకటి.

చెరువు తగ్గిపోతోందన్న సంగతి ఈ ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. తెలుగువాళ్లం చెరువు అన్నా, ఒడియా ఇరుగుపొరుగు బంధ అన్నా, పడమటి వైపు మట్టి తోలడం అందరూ చూస్తూనే ఉన్నారు. మాకు కోపం తెప్పించింది ఆ తగ్గుదలను సమ్మరీలో రాసిన తీరు. ప్రస్తుత చెరువు విస్తీర్ణం అంటూ అక్కడ ఒకే అంకె ఇచ్చారు. ఆ అంకె ఏ నెలలో కొలిచినదో సమ్మరీలో లేదు. వెనక్కి వెళ్లి పటం కింద చిన్న అక్షరాల్లో వెతికితే దొరికింది. అది మే నెల ఉపగ్రహ చిత్రం.

మే నెలలో కొలిస్తే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. ఇవి మన చెరువు కొలతలు కావు, విషయం తేలిగ్గా తెలియడానికి తీసుకున్న అంకెలు. ఇలాంటి పల్లపు చెరువులకు బావిలా నిలువు అంచు ఉండదు. నేల పళ్లెంలా మెల్లగా దిగుతుంది. నూరు మీటర్లకు ఒక మీటరు వాలు ఉందనుకుందాం. వానల తర్వాత నిండిన నీటిమట్టం వేసవికి మీటరున్నర పడిపోతే, నీటి అంచు 150 మీటర్లు లోపలికి జరుగుతుంది. ఆ వైపు ఒడ్డు కిలోమీటరు పొడవుంటే 15 హెక్టార్లు, అంటే సుమారు 37 ఎకరాలు, ఎవరూ ఒక్క తట్ట మట్టి పోయకుండానే కాగితం మీద చెరువులోంచి పోయినట్టే. వానాకాలంలో ఆ అంచు పట్టే నీళ్లు ఎన్నంటే 11 కోట్ల లీటర్ల పైచిలుకు. పది సెంటీమీటర్ల వాన 110 హెక్టార్ల మీద కురిసి, చుక్క ఇంకకుండా పారివస్తే వచ్చేన్ని నీళ్లు. ఆ అంచును ఇళ్ల స్థలాలు చేస్తే ఆ నీళ్లు ఎటు పోతాయో పల్లపు వీధుల్లో ఉండేవాళ్లను అడిగితే చాలు.

జాతీయ చిత్తడి నేలల అట్లాసు తయారు చేసిన ఇస్రో వాళ్లు కూడా వానలకు ముందు నీరు ఎంత, తర్వాత నీరు ఎంత, నీటి మొక్కలు కప్పిన మేర ఎంత అని విడివిడిగా చూపించారు. ఒక్క అంకెతో చిత్తడి నేలను చెప్పలేరు కాబట్టే అలా చేశారు. మన సమ్మరీ మూడింటిలో చిన్నది ఏరుకుని, దానికే విస్తీర్ణం అని పేరు పెట్టింది. పైగా గుర్రపుడెక్క కప్పేసిన నీళ్లు ఉపగ్రహ చిత్రంలో పచ్చని నేలలా కనిపిస్తాయి. జమ్ము పెరిగిన అంచులూ అంతే. ఎవరో ఒకరు నేల మీద నడిచి సరిచూడకపోతే అవన్నీ చెరువు లెక్కలోంచి ఎగిరిపోతాయి. ఇక్కడ జరిగింది అదే. జమ్ము, తామర ఉన్న పడమటి అంచంతా సమ్మరీలో ఖాళీ భూమి అయిపోయింది.

అధికారులకు తీరిక ఉండదనీ, సమ్మరీ చిన్నగానే ఉండాలనీ, ప్రతి వివరమూ అందులో పట్టదనీ అంటారు. ఒప్పుకుంటాం. కానీ చిన్నగా రాయడం వేరు, చిన్న అంకె రాయడం వేరు. మే నెల అన్న రెండు మాటలకు చోటు లేనంత ఇరుకు కాదు ఆ రెండు పేజీలు.

మా భయమంతా ఒకటే. సమ్మరీలో రాసిన గీతే రేపు హద్దు అవుతుంది. కౌన్సిల్ తీర్మానంలోకి ఎక్కేది ఆ అంకే. తీర్మానంలోంచి మాస్టర్ ప్లాన్‌లోకి పోతుంది. పదేళ్ల తర్వాత ఇంకో నివేదిక వస్తే, అది ఈ అంకెనే మొదలుగా పెట్టుకుని చెరువు పెద్దగా తగ్గలేదని రాస్తుంది. అప్పటికి పడమటి అంచు ఒకప్పుడు చెరువని చెప్పడానికి కాగితం ఉండదు.

చట్టం ఈ గీతను ఒప్పుకోదు. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం బోటు జెట్టీలు తప్ప శాశ్వత కట్టడం ఏదీ, పదేళ్లలో గమనించిన సగటు గరిష్ఠ వరద మట్టానికి 50 మీటర్ల లోపు రాకూడదు. కనీస మట్టం కాదు, వేసవి మట్టం కాదు, గరిష్ఠ వరద మట్టం. ఆ పదేళ్లూ నిబంధనలు వచ్చిన 2017 సెప్టెంబరు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. అంటే 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను కూడా ఆ లెక్కలోకి వస్తుంది. గంజాం జిల్లాలో ఆ రాత్రి మరిచిపోయినవాళ్లు లేరు. ఆ తర్వాత వచ్చిన నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో గోడల మీద మరకలు చూపించే ఇళ్లు ఈ చెరువు చుట్టూ ఇంకా ఉన్నాయి. సమ్మరీ రాసినవాళ్లకు ఆ మరకలు కొలవడానికి ఒక టేపు, ఒక లెవెల్ మిషను, రెండు రోజుల పని సరిపోయేది.

ఇది తవ్విన చెరువు కాబట్టి ఆ నిబంధనలు వర్తించవని ఒక వాదన వినిపిస్తోంది. తాగునీటికో సాగుకో ప్రత్యేకంగా నిర్మించినవాటికి మినహాయింపు ఉన్న మాట నిజమే. ఇది సహజంగా ఏర్పడిన పల్లం, ఒక పక్క మాత్రం గట్టు వేశారు అని ఇదే నివేదిక లోపలి పేజీలు చెబుతున్నాయి. పోనీ తవ్విందే అనుకున్నా, చెరువులూ కుంటలూ ఆక్రమించి ఆ తర్వాత క్రమబద్ధీకరణ అడగడం కుదరదని సుప్రీంకోర్టు 2001లోనూ, 2011లోనూ చెప్పింది. 2024 డిసెంబరు 11న అదే కోర్టు, 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలలన్నిటినీ నేల మీదకు వెళ్లి సరిచూసి హద్దులు గుర్తించమని రాష్ట్రాలకు మూడు నెలల గడువిచ్చింది. నేల మీదకు వెళ్లి అన్న మాటకు అర్థం మే నెల ఉపగ్రహ చిత్రం ముందు కూర్చోవడం కాదు.

మా విలేకరి పోయిన వారం చెరువు చుట్టూ నడిచి వచ్చారు. గట్టు చివర అలుగు ఇంకా ఉంది. రాతి అలుగు, నాచు పట్టి నల్లగా, సగం ఒకరి కాంపౌండ్ గోడ లోపల. చెరువు నిండితే నీళ్లు పొర్లేది ఆ రాయి మీంచే. అంటే నిండు మట్టం ఎంతో ఆ రాయే చెబుతుంది. అక్కడ వల బాగు చేసుకుంటున్న ముసలాయన పడమటి వైపు చెయ్యి చూపించి, "ఆ గోడ ఉన్నకాడ మా అయ్య వల ఏసీవోడు బాబూ, ఇప్పుడక్కడ స్కూటర్లు పెడతన్నారు" అన్నారు. ఆ గోడ పక్కనే ఇంటికి పునాది తవ్వుతున్నారు. గోతిలో పైన మోకాలి లోతు ఎర్ర మొరం. దాని కింద జిగటగా నల్ల బంకమట్టి, అందులో తెల్లగా నత్తగుల్లలు. అది ఏ నేలో చెప్పడానికి పెద్ద శాస్త్రవేత్త అక్కర్లేదు. మొరం బయటినుంచి తోలింది, గుల్లలు చెరువువి. ఆ ప్లాటు సమ్మరీ ప్రకారం చెరువుకు బయట ఉంది.

ఇలాంటి ప్లాట్ల నంబర్లు నివేదిక చివరి అనుబంధంలో ఉన్నాయి. రికార్డుల్లో ఒకప్పుడు జలాశయ కిసం, అంటే చెరువు రకం నేల, అని ఉండి, ఇప్పుడు ఘరబారి, అంటే ఇళ్ల స్థలం, అయిన ప్లాట్లు అవి. కష్టపడి తహసీల్ ఆఫీసులో ఖతియాన్లు అనే పాత భూమి రికార్డులు తిరగేసి ఎవరో ఆ పట్టిక రాశారు. వాళ్లకు మా నమస్కారం. ఏ కిసం ఎవరి ఉత్తర్వుతో మారింది, దాన్ని తిరిగి పరిశీలించాల్సింది ఎవరు అన్నది అధికారులు తేల్చాల్సిన అసలు పని. ఆ పట్టిక గురించి సమ్మరీలో ఒక్క వాక్యం లేదు. భూవినియోగంలో మార్పులు వచ్చాయి అని మాత్రం ఉంది. మార్పులు వాటంతట అవి రావు, ఎవరో సంతకం పెడితే వస్తాయి.

అన్నిటికంటే మా డెస్కును ఎక్కువ కలవరపెట్టింది సమ్మరీలోని మొదటి సిఫారసు. చెరువు చుట్టూ సిమెంటు వాకింగ్ ట్రాక్, రాతి కట్టు, లైట్లు. ఎక్కడ? ప్రస్తుత నీటి అంచు వెంబడి. అంటే మే నెల గీత వెంబడి. సుందరీకరణ పేరుతో ఇలా నీళ్ల చుట్టూ కట్ట పోసిన ఏ చెరువును చూసినా ఒకటే కథ. కట్ట లోపల లోతు నీళ్లు మిగులుతాయి. కట్ట బయట ఉండిపోయిన పల్చటి నీటి అంచు, జమ్ము, తామర, చేపలు గుడ్లు పెట్టే చోటు, కొంగలు నిలబడే చోటు, రెండేళ్లలో ఎండి చెత్త మేట అవుతుంది. మూడో ఏడు మొరం లారీలు వస్తాయి. పై వీధుల నుంచి వచ్చే వాన కాలువలు కట్టకు తగిలి వెనక్కి తంతాయి. మే నెల గీతను ఇన్నాళ్లూ కాగితం మీద గీశారు, ట్రాక్‌తో దాన్ని సిమెంటులో గీస్తారు. ఆ తర్వాత ఏ అమీను వచ్చి కొలిచినా హద్దు అదే అంటాడు.

పొద్దున నడిచేవాళ్లకు దారి కావాలంటే వేయండి, మేమూ సంతోషిస్తాం. అలుగు రాయి మట్టానికి పైన, వరద మరకలకు 50 మీటర్ల అవతల వేయండి.

కౌన్సిల్‌ను మేము అడుగుతున్నది ఇది. ఈ సమ్మరీ మీద ఓటు వేయకండి. దాన్ని తిప్పి పంపండి. అలుగు మట్టం నుంచి కొలిచిన విస్తీర్ణం, ఏ నెల చిత్రమో ఆ నెల పేరు, కిసం మారిన ప్లాట్ల సంఖ్య, ట్రాక్ ఏ మట్టం మీద వేస్తారో ఆ అంకె, ఈ నాలుగూ మొదటి పేజీలో రాసి తెమ్మనండి. అప్పటిదాకా ట్రాక్ టెండరు పిలవకండి. రెండు పేజీలు చదివి చెయ్యెత్తేసి, రేపు నీళ్లు వీధుల్లోకి వచ్చాక మాకు తెలియదనే హక్కు మీకు లేదు. పట్టిక వెనక పేజీల్లోనే ఉంది, తిరగేయాల్సింది మీరు. ఇక మే నెలలో కొలత తీయించిన అధికారులారా, అక్టోబరులో ఒక్కసారి ఆ అలుగు దగ్గరికి రండి. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ వల కుట్టుకునే ముసలాయన నిలబెట్టి చూపిస్తారు.