తూకానికి వేసేముందు ఆ కట్ట విప్పండి

“పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారా? 1. కాగితాలన్నీ ముందే తూకానికి వేసేయండి. 2. ఇత్తడి, కంచు సామాను చింతపండుతో తోమి మెరిపిస్తే రెట్టింపు ధర. 3. పాత నాణేలకు, 786 నోట్లకు లక్షలు ఇస్తారు. 4. మిగతాదంతా ఒక్కరికే అమ్మేయండి. అందరికీ పంపండి!”

పంపారు. మా బంధువుల్లో పంపనివారు ఇక మిగల్లేదు.

మూడోదాన్ని ముందు వదిలించుకుందాం. లక్షలు ఇచ్చేవాడు ముందుగా మీ దగ్గరే కమీషను ఎందుకు అడుగుతాడు? తన పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

ఇక తోమడం. మామూలు బిందె తూకానికే పోతుంది, మెరిసినంత మాత్రాన బరువు పెరగదు. నిజంగా పాతదీ పనితనం ఉన్నదీ అయితే, కొనేవాడు చూసేది దాని మీద పట్టిన ముదురు రంగునే. దాన్ని చింతపండుతో గీకి పారేస్తే ధర పడిపోతుంది. చేతులు ఊరుకోకపోతే కంచును ఇత్తడి నుంచి విడదీయండి. కంచులో రాగితో కలిసేది తగరం, ఇత్తడిలో జింకు. తగరం చాలా ఖరీదు. అంచు మీద వేలి కణుపుతో కొట్టి చూస్తే కంచు గిన్నె చాలాసేపు మోగుతుంది, ఇత్తడిది తొందరగా ఆగిపోతుంది. రెండూ ఒకే కుప్పలో పోస్తే ఇత్తడి ధరే చేతికొస్తుంది.

అసలు నా కోపమంతా మొదటిదాని మీద. కాగితాలు ముందే పారేయాలట! మా పెదనాన్నగారి ట్రంకుపెట్టెలో కరెంటు బిల్లులకూ శుభలేఖలకూ మధ్య ఒక గోధుమరంగు కవరు దొరికింది. లోపల ఆయన పేరిట షేరు సర్టిఫికెట్లు. ఆ కంపెనీ మరో కంపెనీలో ఎప్పుడో కలిసిపోయింది. “అయితే చిత్తుకాగితాలే కదన్నయ్యా” అన్నాడు తమ్ముడు. కంపెనీ కలిసిపోతే షేర్లు చచ్చిపోవు నాయనా, సాధారణంగా వాటి బదులు కొత్త కంపెనీ షేర్లు వస్తాయి. సర్టిఫికెట్టు మీది ఫోలియో నంబరు వేసి కొత్త కంపెనీ రిజిస్ట్రారుకు, అంటే దాని షేర్ల లెక్కలు చూసే సంస్థకు, రాయాలి. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు ప్రభుత్వం చూసే ఐఈపీఎఫ్ నిధికి వెళ్తాయి. వారసులు అక్కడి నుంచి కూడా తెచ్చుకోవచ్చు: మరణ ధ్రువీకరణ, వారసత్వ పత్రాలు చూపి ముందు కంపెనీ నుంచి అర్హత లేఖ తీసుకోవాలి, తర్వాత IEPF-5 ఫారం నింపాలి. నెలలు పట్టే పనే. ఆ కవరు తూకానికి పోయి ఉంటే దీనికి తోడు పూచీ బాండు, షేర్ల విలువ పెద్దదైతే పోలీసు ఫిర్యాదు కూడా. అదీ ఫలానా కంపెనీలో షేర్లున్నాయని ఎవరికైనా గుర్తుంటేనే! కాగితాలకు కిలోకు ఎంత ఇస్తారో ఆ సలహాదారుగారే సెలవివ్వాలి.

నాలుగోది మాత్రం అక్షరాలా నిజం. కుర్చీలు, మంచాలు, ప్లైవుడ్ బీరువాలు విడివిడిగా అమ్మబోతే ఇంటికి తాళం వేసేసరికి ఏడాది తిరుగుతుంది. కాగితాలు విప్పి చూసి, కంచు పక్కన పెట్టాక, ఒక్కరినే పిలిచి గుత్తగా అమ్మండి. విరిగిన సామాను కూడా ఆయనే ఎత్తుకుపోవాలని ధరలోనే మాట్లాడుకోండి. పాత పరుపులు మాత్రం ఆయనా ముట్టుకోడు, ఎదురు డబ్బిచ్చి పంపాల్సిందే.