ఎనిమిది మిల్లీమీటర్ల పెళ్లికూతురు

పెళ్లి సంబంధాల ఫొటో ఇవాళ ముందు తెరుచుకునేది ఫోన్లోనే, అదీ చిన్న సైజులో, ఇది అందరికీ తెలుసు. బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా, అటు రాయగడ, జయపురం దాకా ఏ తెలుగింటికి వెళ్లినా కవర్లో పెట్టి పోస్టు చేసిన ఫొటో ఇప్పుడు కనిపించదు. సీజన్ మొదలవ్వగానే అమ్మ తన వాట్సాప్ డీపీ తీసేసి కూతురి ఫొటో పెడుతుంది. ఇచ్ఛాపురం వైపు చుట్టాలందరికీ ఊళ్లో చాటింపు వేసినంత పని. మధ్యవర్తి ఫోన్లో ఆ ఫొటో ఒక చిన్న గుండ్రం, మ్యాట్రిమొనీ యాప్‌లో చిన్న గళ్లలో ఒక గడి. వీటిలో చూసి నచ్చితేనే వేలు పడుతుంది, పెద్ద ఫొటో తెరుచుకుంటుంది.

అయినా మన స్టూడియోల్లో రీటచింగ్ జరిగేది, పాసయ్యేది, డబ్బులు తీసుకునేది అంతా పెద్ద మానిటర్ మీదే. నా మాట సూటిగా చెప్తాను: ఫోన్లో డీపీ సైజులో, మామూలు మోడ్‌లో ఒకసారి, డార్క్ మోడ్‌లో ఒకసారి చూపించకుండా ఇచ్చిన ఫొటో సగం పనే. ఆ సగం పనికి పూర్తి డబ్బు ఇవ్వకండి.

మా వీధిలో ఈ మధ్య జరిగిందే చూడండి. అమ్మాయి బరంపురం పట్టు చీర కట్టుకుంది, కుంభాల అంచుది. తెల్లటి బ్యాక్‌డ్రాప్ ముందు నిలబెట్టి నడుము దాకా తీశారు. స్టూడియో కుర్రాడు రెండు రోజులు కూర్చుని ముఖం మీద మచ్చలు తీసేశాడు, చర్మం నున్నగా చేశాడు, రంగు తేల్చాడు. "జూమ్ చేసి చూడండి ఆంటీ, ఒక్క మచ్చ కనిపిస్తే డబ్బులివ్వద్దు" అన్నాడు. నిజమే, ఒక్కటీ లేదు. అమ్మాయి తల్లి ఆ రాత్రి డీపీ మార్చింది. ఇచ్ఛాపురం నుంచి తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, డీపీలో ఎవరే ఆ పిల్ల?" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకుని తిరిగిన మేనమామ అడిగిన మాట అది.

ఆయన చూపులో లోపం లేదు, కొలత చూస్తే మీకే అర్థమవుతుంది. చాట్ లిస్టులో డీపీ గుండ్రం మామూలు ఫోన్లో దాదాపు 8 మిల్లీమీటర్లు. నడుము దాకా తీసిన ఫొటోలో ముఖం ఎత్తులో నాలుగో వంతు కూడా ఉండదు, అంటే అక్కడ ముఖం 2 మిల్లీమీటర్లు. సరే, దగ్గరగా క్రాప్ చేసి గుండ్రంలో ముఖం 60 శాతం ఉండేలా పెట్టామనుకుందాం, అప్పుడూ నుదురు నుంచి గడ్డం దాకా 5 మిల్లీమీటర్లకు మించదు. ఆ లెక్కన కన్ను వెడల్పు 0.8 మిల్లీమీటరు, బొట్టు 0.2 మిల్లీమీటరు. స్టూడియో కుర్రాడు రెండు రోజులు తుడిచిన మొటిమ మచ్చ ఏ ఫోన్లోనూ, ఏ కంటికీ కనపడే సైజు కాదు. ఆ కష్టమంతా ఇక్కడ వృథానే.

వృథా అయితే పోనీ అనుకోవచ్చు, కానీ ఆ పనే ముఖాన్ని చెరిపేసింది, అసలు గొడవ అదే. అంత చిన్న సైజులో మనిషిని గుర్తుపట్టేది చర్మం చూసి కాదు, వెలుగు నీడల అమరిక చూసి. నుదురు వెలుగు, కనుబొమల కింద నీడ, బుగ్గలు మళ్లీ వెలుగు, ముక్కు పక్కన నీడ, పెదవి గీత. ఇవి పెద్ద పెద్ద ముక్కలు కాబట్టి ఎంత చిన్నది చేసినా మిగులుతాయి. ఎమ్‌ఐటీలో పవన్ సిన్హా, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన పరిశోధనలో, పేరున్న వాళ్ల ఫొటోల్లో కళ్లు తీసేసినప్పటి కంటే కనుబొమలు తీసేస్తేనే గుర్తుపట్టడం ఎక్కువ కష్టమైందని తేలింది. ఇప్పుడు మన రీటచింగ్ ఏం చేస్తుందో చూడండి. అసలు ఫొటోలో బుగ్గ మీద వెలుగు విలువ 185 ఉండి, కనుబొమ కింద 140 ఉందనుకుందాం (0 నలుపు, 255 తెలుపు). రెండింటి మధ్య తేడా 45. స్మూతింగ్ ఆ రెంటినీ ఒకదానిలోకి ఒకటి కలుపుతుంది, రంగు తేల్చడం రెండింటినీ పైకి నెడుతుంది, చివరికి బుగ్గ 235, కంటి గుంట 222. తేడా 13కు పడిపోయింది. పెద్ద స్క్రీన్ మీద కనురెప్పల వెంట్రుకలు, కాటుక గీత కాపాడతాయి కాబట్టి అది కళగానే కనిపిస్తుంది. 8 మిల్లీమీటర్లలో ఆ గీతలు పోతాయి, మిగిలేది తెల్లని బిళ్ల, దాని పైన నల్లని జుట్టు. ఆ బిళ్ల ఎవరిదైనా కావచ్చు.

ఇక డార్క్ మోడ్. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో 2019లోనూ, వాట్సాప్‌లో 2020లోనూ వచ్చింది, ఇప్పుడు రాత్రి పూట చాలా మంది ఫోన్లు అలాగే ఉంటాయి, సంబంధాల మాటలు నడిచేది కూడా భోజనాలయ్యాక ఆ వేళలోనే. ఒకే బూడిద రంగు ముక్కను తెల్ల కాగితం మీద ఒకసారి, నల్ల కాగితం మీద ఒకసారి పెట్టి చూడండి, నల్లదాని మీద ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. మన కన్ను పక్కనున్నదాన్ని బట్టే వెలుగును కొలుస్తుంది. అంటే స్టూడియోలో 235కి తెచ్చిన బుగ్గ నల్లటి స్క్రీన్ మీద ఇంకా పైకి పోతుంది. దానికి తోడు తెల్లటి బ్యాక్‌డ్రాప్. చీకటి గదిలో, నల్లటి లిస్టు మధ్యలో ఆ గుండ్రం కంట్లోకి కొట్టే వెలుగు, దాని మధ్యలో ఉన్న మనిషిని చూడటానికి కన్ను ఒప్పుకోదు. సరే అని నల్ల బ్యాక్‌డ్రాప్ పెడితే ఇంకో చిక్కు: జుట్టు బ్యాక్‌డ్రాప్‌లో కలిసిపోతుంది, బ్యాక్‌డ్రాప్ స్క్రీన్‌లో కలిసిపోతుంది, గుండ్రం అంచు మాయమవుతుంది, మొండెం లేని ముఖం ఒకటి గాల్లో తేలుతుంది. పైగా రాత్రి బ్రైట్‌నెస్ తగ్గించి పెట్టుకుంటారు కదా, అప్పుడు ముదురు రంగుల మధ్య తేడాలే ముందు కనపడకుండా పోతాయి.

అందుకే నడిమి రంగు. డార్క్ స్క్రీన్ నలుపు విలువ 18 దగ్గర, మామూలు మోడ్ తెలుపు 255. బ్యాక్‌డ్రాప్ 110 నుంచి 140 మధ్య ఉంటే రెండింటికీ దూరంగా ఉంటుంది, 30 దగ్గరుండే జుట్టుకూ దూరంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో డ్రాపర్ పెట్టి నొక్కితే ఆ అంకె అక్కడే కనిపిస్తుంది, ఊహించక్కర్లేదు.

మా వీధి ఫొటోకి చేసిన రిపేరు కూడా పెద్దదేం కాదు. చేసిన మార్పులన్నీ విడివిడి పొరలుగా, అంటే లేయర్లుగా ఉన్న ఫైలు స్టూడియోలో ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది, అదే కలిపేసి జేపెగ్ ఒక్కటే ఉంచి ఉంటే ఏమీ చేయలేకపోయేవాళ్లం (లేయర్ల ఫైలు అడిగి దాచుకోండి). స్టూడియో కుర్రాడు నున్నగా చేసిన లేయర్ ఒపాసిటీని, అంటే దాని గాఢతని, 100 నుంచి 40కి దించాడు, అసలు చర్మం నీడలు తిరిగి వచ్చాయి. రంగు తేల్చిన లేయర్ పూర్తిగా ఆపేశాడు. కనుబొమలు, పైరెప్ప గీత కర్వ్స్‌తో కొద్దిగా ముదురు చేశాడు. తెల్ల బ్యాక్‌డ్రాప్‌ని బూడిద కలిసిన ఆకుపచ్చకి దించాడు. తర్వాత చతురస్రంగా క్రాప్. గుండ్రం చతురస్రం నాలుగు మూలలనీ కోసేస్తుంది, విస్తీర్ణంలో దాదాపు 21 శాతం పోతుంది, అందుకే తలపైన కొంచెం ఖాళీ ఉంచి, భుజాల దగ్గర అంచు కుంభాలు పోతే పోనీ అన్నాం. వాళ్లమ్మకి అది మాత్రం కష్టంగానే ఉంది, అంత ఖరీదు చీర మరి. అంచు కనపడాలంటే పెద్ద ఫొటో ఉంది కదా, బయోడేటాతో పాటు అది ఎలాగూ వెళ్తుంది.

చూసుకోవడం ఇలా. 640 బై 640 పిక్సెల్స్‌కి తగ్గించిన కాపీ విడిగా సేవ్ చేయాలి, మానిటర్ మీద దూరంగా జూమ్ అవుట్ చేసి చూస్తే సరిపోదు, అక్కడ చుట్టూ ఉన్న రంగూ వేరు, స్క్రీన్ వెలుగూ వేరు. ఇంట్లో ఒకరి నంబరు కలిపి ఒక గ్రూపు పెట్టి ఆ ఫొటోని గ్రూపు ఐకాన్‌గా పెట్టాలి. చాట్ లిస్టుకి వచ్చి, పైనా కిందా ఉన్న మిగతా డీపీల మధ్య చూడాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో థీమ్, ఐఫోన్ అయితే ఫోన్ సెట్టింగ్స్‌లోనే డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్, అక్కడ మార్చి రెండోసారి చూడాలి. బ్రైట్‌నెస్ సగానికి పైన ఒకసారి, బాగా తగ్గించి ఒకసారి. ఇంకో మాట, చూసేది రీటచ్ చేసినవాడు కాకూడదు, ఆ ముఖం వాడి కళ్లలో ఉంటుంది, లేని ముక్కు కూడా వాడికి కనిపిస్తుంది. అమ్మాయిని ఎరిగిన మనిషికి ఫోన్ ఇచ్చి లిస్టు పైకీ కిందకీ జరపమనాలి, ఏమీ చెప్పకుండా. వేలు దానంతట అదే ఆగితే ఫొటో పాసైంది. ఆగి "ఇది ఫలానా పిల్లలా ఉందే" అని సందేహం పెడితే ఇంకా రంగు ఎక్కువుందన్నమాట.

స్టూడియో వాళ్ల వాదన నాకు తెలుసు. ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది, ఎవడి బ్రైట్‌నెస్ వాడిది, అన్నిటికీ మేమెలా పూచీ పడతాం, నచ్చినవాడు నొక్కి పెద్దదే చూస్తాడు కదా అంటారు. అందులో కొంత నిజం ఉంది, రాత్రి పూట పసుపు రంగు ఫిల్టర్ పెట్టుకున్న ఫోన్లో రంగు ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ నేనడిగేది రంగుకి హామీ కాదు, నీడలకి. కంటి గుంటకీ బుగ్గకీ మధ్య తేడా 45 ఉన్న ఫొటో ఏ ఫోన్లో పెట్టినా ముఖంలా ఉంటుంది, 13 ఉన్నది దేనిలోనూ ఉండదు. నొక్కి చూస్తాడు అంటారా, నొక్కాలనిపించాలి కదా ముందు.

అసలు ఈ తేల్చే పిచ్చి మానిటర్లతో పుట్టింది కాదు. ఫిల్మ్ రోజుల్లో రీటచర్లు నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీసేవాళ్లు. నెగెటివ్ మీద ముదురైన చోటు ప్రింటులో తేటగా వస్తుంది, కళ్ల కింద వలయాలు అలా పోయేవి. కానీ పెన్సిల్‌తో ముఖమంతా గీయాలంటే చేయి నొప్పి పుడుతుంది, అందుకే నాలుగు గీతలతో ఆపేసేవాళ్లు, ముఖం బతికి ఉండేది. ఇప్పుడు స్లైడర్ జరపడానికి నొప్పేముంది? రేటు కార్డులో "ఫేస్ గ్లో" అని విడిగా రాసి దానికి వేరే డబ్బు తీసుకునే స్టూడియోలు ఉన్నాయి. ఆ గ్లో అంటే ఏమిటో మనందరికీ తెలుసు, గంజాంలో ఎండలో తిరిగిన పిల్లని ఏసీలో పెరిగిన పిల్లలా చూపించడం. అబ్బాయిల ఫొటోలకి కూడా ఇదే చేస్తున్నారు, గడ్డం నీడ తీసేసి, దవడ గీత తీసేసి, పెళ్లిచూపులకి వచ్చినప్పుడు పెళ్లికూతురి నాన్న ఎదురుగా కూర్చున్నవాడిని వదిలేసి వెనకాల వచ్చిన తమ్ముడితో మాట్లాడటం మొదలుపెడతాడు.

ఛాయ గురించి ఎన్ని వ్యాసాలు రాసినా మారని ఇళ్లు ఉన్నాయి, వాళ్లకి నీతి చెప్పి లాభం లేదు. వాళ్ల భాషలోనే చెప్పాలి: మీ అమ్మాయిని తెల్లగా చేసిన కొద్దీ ఆ చిన్న గుండ్రంలో ఆమె కనపడదు, పక్క డీపీలో చామనఛాయతో, కనుబొమలు తీర్చినట్టున్న అమ్మాయే కనపడుతుంది, వేలు అక్కడే పడుతుంది. స్టూడియోలో డబ్బులిచ్చే ముందు "గ్లో తీసేసి ఇంకో కాపీ ఇవ్వు బాబూ, రెండూ నా ఫోన్లో పెట్టి చూపించు" అని అడగండి. కుర్రాడు ముఖం మాడ్చుకుంటాడు, అయినా చేస్తాడు, పది నిమిషాల పని.