నీళ్లు తగిలినా తెలియకపోతే

నడుము పట్టేసిందంటే మన ఇళ్లలో ముందు వేడినీళ్ల కాపడం, తర్వాత బామ్, అదీ కాకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ల. ఇందులో పెద్ద తప్పేం లేదు. బస్తా ఎత్తినప్పుడో, వంగి నాట్లు వేసినప్పుడో, గతుకుల రోడ్డు మీద బండి నడిపినప్పుడో పట్టేసే నడుము చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మంచం పట్టడం కన్నా నెమ్మదిగా అటూఇటూ తిరగడమే మంచిదని డాక్టర్లూ చెబుతారు. కానీ నడుము నొప్పి వేషంలోనే వచ్చి, ఒకటి రెండు రోజుల్లో మనిషి బతుకునే మార్చేసే జబ్బు ఒకటుంది. దానికి కాపడం పెడుతూ కూర్చుంటే పోగొట్టుకున్నది మళ్లీ దొరక్కపోవచ్చు.

రైస్ మిల్లులో బస్తాలు మోసే నలభై ఏళ్ల మనిషిని ఒకరిని అనుకుందాం. సోమవారం బస్తా దించుతుండగా నడుములో కలుక్కుమంది. మంగళవారానికి నొప్పి కుడికాలి పిక్క దాకా పాకింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు, సయాటికా అన్నాడు. అప్పటికి ఆ మాట సరైనదే. గురువారానికి ఎడమకాలు కూడా లాగడం మొదలైంది. శుక్రవారం పొద్దున దొడ్డికి వెళ్లి కడుక్కుంటుంటే నీళ్ల చల్లదనం సరిగా తెలియలేదు. మూత్రానికి నిలబడితే రెండు మూడు నిమిషాలకు గానీ ధార రాలేదు, అదీ పొట్ట బిగబడితేనే. మధ్యాహ్నం నుంచి అసలు వెళ్లాలనే అనిపించలేదు. నీళ్లు తక్కువ తాగానేమో అనుకున్నాడు. శనివారం తెల్లారి చూసుకుంటే లుంగీ తడిసి ఉంది, ఎప్పుడు తడిసిందో తెలియదు. చిత్రంగా కాళ్ల నొప్పి మాత్రం తగ్గింది. ‘హమ్మయ్య, దారిలో పడింది’ అంది ఇంట్లో ఆమె.

దారిలో పడలేదు. నొప్పిని చెప్పే నరాలే మొద్దుబారుతున్నాయి.

వెన్నుపాము నడుము చివరిదాకా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెద్దవాళ్లలో అది నడుము పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నరాలు విడివిడిగా, కుచ్చులాగా వేలాడుతూ దిగుతాయి. చూడటానికి గుర్రం తోకలా ఉంటుంది గనక లాటిన్‌లో ఆ అర్థం వచ్చేలాగే ‘కాడా ఈక్వైనా’ అని పేరు పెట్టారు. ఆ కుచ్చులో కొన్ని నరాలు కాళ్లకు వెళ్తాయి. కొన్ని మూత్రాశయానికి, మలద్వారానికి, జననాంగాలకు, మనం కూర్చునేటప్పుడు నేలకు ఆనే చర్మానికి వెళ్తాయి. పూసల మధ్య డిస్క్ ఒక పక్కకు జారితే ఆ పక్క కాలు లాగుతుంది, చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. పెద్ద ముక్క నడిమధ్యకు వచ్చి పడితే మాత్రం కుచ్చు మొత్తం నలుగుతుంది. ఆ మిల్లు కూలీకి జరిగింది అదే.

మూత్రాశయం నిండిన సంగతి మెదడుకు చేరడం లేదు, పిండి బయటికి పంపే బలమూ లేదు. అందుకే అది కడుపులో చెరువులా నిండి, చివరికి అలుగు పారినట్టు తెలియకుండా కారింది. మామూలుగా మూత్రం బిగిస్తే ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. ఇక్కడ రాదు. మనిషి మోసపోయేది అక్కడే.

అతను బయల్దేరాల్సింది శుక్రవారం పొద్దున, నీళ్ల స్పర్శ తేడాగా అనిపించిన ఆ నిమిషంలో. మూత్రం మీద ఇంకా కొంత పట్టు ఉండగానే ఆపరేషన్ చేసి ఒత్తిడి తీసేస్తే చాలామంది బాగా కోలుకుంటారు. పూర్తిగా పట్టు తప్పాక చేస్తే కొందరికి నెలల తరబడి, కొందరికి జీవితాంతం గొట్టం వేసుకుని మూత్రం తీసుకోవాల్సి వస్తుంది. నలభై ఎనిమిది గంటలు గడువు అనే మాట ఆసుపత్రుల్లో వినిపిస్తుంది. దాన్ని అంతవరకూ ఆగొచ్చనే అర్థంలో తీసుకోకూడదు. ఎంత ముందైతే అంత మేలు, అది ఆదివారమైనా సరే.

దీన్ని ఇంకో జబ్బు ఖాతాలో రాసేయడమూ మామూలే. షుగర్ ఉన్నవారు తిమ్మిరంటే షుగర్ వల్లే అనుకుంటారు. షుగర్ తిమ్మిరి సాధారణంగా కాలివేళ్లలో, అరికాళ్లలో మొదలై నెలల మీద పైకి పాకుతుంది. ఇది రోజుల్లో, తొడల లోపలివైపు, మలద్వారం చుట్టూ వస్తుంది. పెద్ద వయసు మగవారికి ధార ఆగితే ప్రోస్టేట్ అంటారు. నొప్పికి వాడే ట్రమడాల్, అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలూ మూత్రాన్ని కొంత బిగిస్తాయి, కాబట్టి నెపం వాటి మీదికి పోతుంది. నడుము నొప్పితో పాటు కూర్చునే చోట స్పర్శ తగ్గితే ఈ సర్దుబాట్లేవీ పనికిరావు. పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా, రెండు కాళ్లూ ఒకేసారి నీరసిస్తున్నా అంతే. మర్దన, నడుము విరిపించడం అసలే వద్దు.

ఆసుపత్రిలో చేసే పరీక్షలు పెద్ద బ్రహ్మవిద్య కాదు. దూదితో, సూదిమొనతో ఆ చోట తాకి చూస్తారు. మూత్రానికి వెళ్లి రమ్మని, తర్వాత స్కాన్‌లో ఎంత మిగిలిందో కొలుస్తారు. రెండు వందల మిల్లీలీటర్లకు మించి మిగిలితే అనుమానం బలపడుతుంది. అంతకన్నా తక్కువున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, తేల్చేది ఎమ్మారైనే. ఎక్స్‌రేలో ఎముక తప్ప నరం కనపడదు, కాబట్టి ‘ఎక్స్‌రే నార్మల్’ అన్న మాటతో ఇంటికి తిరిగి రావద్దు. నిజానికి ఈ అనుమానంతో ఎమ్మారై తీసిన చాలామందిలో ఇది ఉండదు. ఉండకపోతే మంచిదే కదా.

గంటల లెక్కన కాకపోయినా, ఇంటివైద్యంతో నెట్టకూడని నొప్పి మన దగ్గర ఇంకొకటుంది, వెన్నెముక క్షయ. దగ్గే ఉండకపోవచ్చు. వారాల తరబడి తగ్గకుండా పెరిగే నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, సాయంత్రం ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం, ఒక పూస మీద వేలుతో నొక్కితే ఉలిక్కిపడటం దాని గుర్తులు. ఇలాంటివారికి స్టెరాయిడ్ సూది వేస్తే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, లోపల పూస కరుగుతూనే ఉంటుంది. వీళ్లకూ కాళ్లు నీరసిస్తే అప్పుడది గంటల వ్యవహారమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, కాకపోతే ఊపిరితిత్తుల క్షయకంటే ఎక్కువకాలం, ఏడాది అటూఇటూ వాడాలి. క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నవారికి కొత్తగా నడుము నొప్పి వచ్చినా, ఎముకలు గుల్లబారిన పెద్దావిడ చిన్నగా జారిపడి లేవలేకపోయినా ఆలస్యం వద్దు. వయసు మళ్లిన మనిషికి ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి లేచి కళ్లు తిరిగితే అది రక్తనాళం పగిలిన నొప్పి కావచ్చు, 108కి ఫోన్ చేయాలి.

ఇవన్నీ తెలిసినా నోరు పెగలదు. డాక్టరు ముందు, పక్కన పది మంది ఉన్న ఓపీలో, ‘అక్కడ మొద్దుబారింది’ అని ఏ మగాడూ చెప్పడు. కోడలు పక్కనుంటే అత్తగారు అసలే చెప్పదు. కాబట్టి అడగాల్సింది వైద్యం చేసేవారే. మూత్రం వస్తోందా, కడుక్కునేటప్పుడు తెలుస్తోందా అనే రెండు ప్రశ్నలకు అర నిమిషం పట్టదు. నడుము నొప్పికి సూది వేసే ప్రతి ఒక్కరూ సిరంజి విప్పేముందు అవి అడగాలని మా కోరిక. అలాగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి పెద్దాసుపత్రికి పంపే చీటీలో ‘నడుము నొప్పి’ అని మాత్రమే రాస్తే ఆ రోగి క్యూలో నలభయ్యోవాడవుతాడు. ‘మూత్రం బిగిసింది, కూర్చునే చోట స్పర్శ లేదు, ఫలానా రోజు ఫలానా గంట నుంచి’ అని రాస్తే రాత్రి డ్యూటీ డాక్టరు కుర్చీలోంచి లేస్తాడు. చీటీలో ఆ ఒక్క వరుస రాయడం తప్పనిసరి చేస్తూ రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఉత్తర్వు ఇవ్వడానికి బడ్జెట్ కేటాయింపులేమీ అక్కర్లేదు.